గ్లాసు నీళ్ళు చెప్పేది, చెప్పలేనిది: జేడ్ గాజుల గురించి

(హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం నగల వ్యాపారులు, రంగురాళ్ళంటే ఆసక్తి ఉన్నవాళ్ళు కూడిన చిన్న సమావేశంలో ఒక రత్నపరీక్షకుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక? సరే.

ఈ బల్ల మీద మూడు ఆకుపచ్చ గాజులు పెట్టాను. ముందు వరుస నుంచి ఒక్కో గాజూ చేతులు మారుతూ వెనక్కి వెళ్ళనివ్వండి. చూడండి, పట్టుకోండి, చెంపకి ఆనించుకోండి. కింద మాత్రం పడేయకండి, అందులో ఒకటి నాది కాదు. (నవ్వులు) మూడింటినీ అమ్మినవాళ్ళు జేడ్ అనే అమ్మారు. తెలుగులో మనకో చిక్కుంది. గాజు అంటే చేతికి వేసుకునే గాజూ గాజే, సీసాలు చేసే గాజూ గాజే. అందుకని ఇవాళ నేను గాజు అంటే చేతిదే అనుకోండి. సీసాల గాజుని గ్లాస్ అంటాను.

ఎవరైనా గాజు తెచ్చి నా ముందు పెట్టి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇది ఒరిజినలేనాండీ?" ఆ ఒక్క మాటలో రెండు ప్రశ్నలున్నాయి. ఇది ఏ రాయి అన్నది మొదటిది. ఈ రాయికి ఏం చేశారు అన్నది రెండోది. మొదటిదానికి ఒక గ్లాసు నీళ్ళూ ఒక చిన్న తక్కెడా చాలు. రెండోదానికి ఇంట్లో ఉన్న ఏ సాధనమూ పూర్తి జవాబు ఇవ్వదు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే జనం మోసపోతారు. మోసపోయేవాళ్ళలో షాపు పెట్టుకున్నవాళ్ళూ ఉంటారు, ఒకసారి నేనూ ఉన్నాను. ఆ కథ తర్వాత చెప్తాను.

ముందు రాయి సంగతి. జేడ్ అనేది ఒక రాయి పేరు కాదు, రెండు రాళ్ళకి కలిపి వాడే పేరు. ఒకటి నెఫ్రైట్, రెండోది జేడైట్. ఈ పేర్ల పుట్టుక వింటే గందరగోళం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. స్పెయిన్ వాళ్ళు అమెరికా ఖండంలో ఈ పచ్చరాయిని చూసినప్పుడు, అక్కడివాళ్ళు దాన్ని నడుము నొప్పికీ కిడ్నీ జబ్బుకీ ఒంటికి ఆనించుకుంటారని విని "పియెద్రా దె ఇహాదా" అన్నారు, అంటే పక్కటెముకల కింది భాగానికి పనికొచ్చే రాయి. జేడ్ అన్న మాట అక్కడిది. గ్రీకులో కిడ్నీని నెఫ్రోస్ అంటారు. నెఫ్రైట్ అన్న మాట అక్కడిది. అంటే రెండు పేర్లూ కిడ్నీ రాయి అనే. అవి రెండు వేరు ఖనిజాలని తేల్చింది ఫ్రెంచి రసాయనవేత్త అలెక్సిస్ దమూర్. 1863లో ఆయన బర్మా నుంచి వచ్చిన రాయిని విశ్లేషించి, ఇది నెఫ్రైట్ కానే కాదని చెప్పి జేడైట్ అని పేరు పెట్టాడు. అప్పటికి చైనాలో నెఫ్రైట్ చెక్కడం మొదలై వేల ఏళ్ళయింది.

మీలో సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ గది చూడనివాళ్ళుంటే ఈసారి వెళ్ళినప్పుడు అక్కడ కాసేపు ఆగండి. నూర్జహాన్ పండ్ల కత్తి, జహంగీర్ బాకు, అల్తమష్ పేరు చెక్కిన పుస్తక పీఠం, అన్నీ అక్కడే. మొఘలులు మోజు పడిన జేడ్ నెఫ్రైట్. చైనా పడమటి కొసన ఖోటాన్ దగ్గర నదుల్లో దొరికే రాయి. దాన్ని ఉర్దూలో యష్మ్ అంటారు, పాతబస్తీలో పెద్దవాళ్ళని అడిగితే ఇప్పటికీ చెప్తారు. ఆ గదిలో చూసిన పాలమీగడ తెలుపుని, వెన్న రాసినట్టుండే మెరుపుని గుర్తుపెట్టుకోండి. అది నెఫ్రైట్ మెరుపు. జేడైట్ మెరుపు అలా ఉండదు, అది గ్లాస్‌కి దగ్గరగా నిగనిగలాడుతుంది.

జేడైట్ అనగానే బర్మా. కచిన్ రాష్ట్రంలో ఫాకాంత్ అనే ప్రాంతం. ప్రపంచంలో నగలకి పనికొచ్చే మంచి జేడైట్‌లో సింహభాగం అక్కడిదే. ఉత్తరాంధ్ర వాళ్ళకి రంగూన్ అంటే రంగం. మా నాయనమ్మ వైపు వాళ్ళు "రంగం వెళ్ళొచ్చాడు" అని ఒక తాతగారి గురించి చెప్పుకునేవారు. ఆయన తెచ్చిన పెట్టెలో టేకు పీట ఉంది గానీ జేడ్ ముక్క ఒక్కటీ లేదు. (నవ్వులు) ఆ రాయి ఎక్కువగా అటు ఉత్తరానికి, చైనాకి పోయేది. చైనావాళ్ళు దాన్ని ఫెయిత్సుయ్ అంటారు. ఆ మాటకి అర్థం లకుముకి పిట్ట. ఆ పిట్ట రెక్క మీద మెరిసే రంగుని చూసినవాళ్ళకి ఆ పేరు ఎందుకు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ రెండు రాళ్ళ లోపల ఏముందో చూద్దాం. నాసిరకం రాయిని మంచిదిగా చూపించడానికి లోపల రెసిన్, అంటే గట్టిపడే జిగురు నింపుతారు. ఇది అర్థమైతే ఆ రెసిన్ ఏ రాయిలోకి దిగుతుందో మీకే తెలిసిపోతుంది. నెఫ్రైట్ లోపల కంటికి కనపడనంత సన్నటి పీచు. ఆ పీచు కంబళిలా ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటుంది. అందుకే దాన్ని పగలగొట్టడం చాలా కష్టం. గీత పడకుండా ఉండే గట్టిదనంలో అది జేడైట్ కంటే కాస్త తక్కువే, కానీ సుత్తి దెబ్బకి ఓర్చుకోవడంలో జేడైట్ కంటే ఎక్కువ. న్యూజిలాండ్‌లో మావోరీలు దాంతో గొడ్డళ్ళూ బాడిసెలూ చేసుకున్నారు. జేడైట్ లోపల పీచు ఉండదు, పలుకులుంటాయి. తడి తగిలి గడ్డకట్టిన కల్లుప్పుని ఊహించుకోండి, పలుకుకి పలుకు అతుక్కుని ఉంటుంది. ఆ పలుకుల మధ్య సన్నటి సందులుంటాయి. ఆ సందుల్లోకే ఇనుము తుప్పు చేరి గోధుమరంగు మరకలు వేస్తుంది. యాసిడ్ పోసినా, రంగు పోసినా, రెసిన్ పోసినా వెళ్ళేది ఆ సందుల్లోకే.

గాజులు తిరిగొచ్చాయా? ఒకటి... రెండు... మూడోది ఎక్కడ? ఆ, వస్తోంది.

ఇప్పుడు తూచి చూద్దాం. ఇది గ్రాములో నూరోవంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ తక్కెడ, 500 గ్రాముల దాకా తూగుతుంది. మొదటి గాజుని పొడిగా తూచాను, 52.40 గ్రాములు. కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు గాజు తీసేసి, నీళ్ళున్న ప్లాస్టిక్ గ్లాసుని తక్కెడ మీద పెట్టి బటన్ నొక్కి సున్నా చేస్తున్నాను. గాజుకి సన్నటి దారం కట్టి నీళ్ళలో పూర్తిగా ముంచుతున్నాను. అడుగుకి తగలకూడదు, గోడకి తగలకూడదు, పైకి తేలకూడదు. దారం పట్టుకున్న చెయ్యి వణక్కూడదు, అందుకే మోచెయ్యి బల్లకి ఆనించాను. ఇప్పుడు తక్కెడ ఎంత చూపిస్తోంది? 15.70. అంటే ఈ గాజు పక్కకి తోసిన నీళ్ళ బరువు అంత. 52.40ని 15.70తో భాగించండి. 3.34 వచ్చింది కదా. అంటే ఈ రాయి అంతే పరిమాణం ఉన్న నీళ్ళకి 3.34 రెట్లు బరువు. జేడైట్‌కి రావలసిన అంకె ఇదే.

రెండో గాజు. పొడిగా 46.90, నీళ్ళలో 15.90. భాగిస్తే 2.95. ఇది నెఫ్రైట్. మూడోది పొడిగా 41.60, నీళ్ళలో 15.70. భాగిస్తే 2.65. ఇది రెండూ కాదు. క్వార్ట్జ్ జాతి రాయి, మన దగ్గర దండిగా దొరికే ఆకుపచ్చ అవెంచురిన్. "ఇండియన్ జేడ్" అని అమ్ముతారు. ఎండలో పట్టుకుని తిప్పితే లోపల సన్నటి అభ్రకం రేకులు తళుక్కుమంటాయి, ఆ తళుకు జేడ్‌లో ఉండదు. అది చెడ్డ రాయేం కాదు, ధర జేడ్ ధర కాకూడదంతే. మీకు 2.57 దగ్గర అంకె వస్తే అది సర్పెంటైన్ కావచ్చు, దాన్ని "న్యూ జేడ్" అంటారు. అంత మెత్తని రాయి మీద చాలాసార్లు కత్తి మొనతో గీత పడుతుంది. మీ రాయి మీద మాత్రం గీయకండి, అంకె చాలు.

ఇందులో ఎక్కడ తప్పొస్తుందో చెప్తాను. నీళ్ళలో ముంచినప్పుడు గాజు లోపలి అంచుకి బుడగలు అంటుకుంటాయి. ఆ బుడగలు గాజు పరిమాణం పెరిగినట్టు చూపిస్తాయి, దాంతో మీ అంకె తగ్గిపోతుంది. ముందు రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో ముంచి కడిగితే బుడగలు తగ్గుతాయి. చిన్న రాయైతే ఇంకో ఇబ్బంది. ఒక గ్రాము రాయి మీద నూరోవంతులో రెండు మూడు తేడా వచ్చినా జవాబు మారిపోతుంది. గాజుకి ఈ పద్ధతి బాగా కుదురుతుంది, ఉంగరంలో బిగించిన రాయికి అసలు కుదరదు. అలాంటప్పుడు కాంతి రాయిలో ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ కావాలి. అందులో జేడైట్ 1.66 దగ్గర, నెఫ్రైట్ 1.61 దగ్గర కనిపిస్తాయి. షాపులో అది లేకపోతే ఉన్నవాళ్ళ దగ్గరకి పంపండి, ఊహించి చెప్పకండి.

ఇక్కడితో మొదటి ప్రశ్న అయిపోయింది. ఇప్పుడు అసలు తలనొప్పి.

ఆమధ్య భార్యాభర్తలిద్దరు నా దగ్గరకి ఒక గాజు తెచ్చారు. వాళ్ళబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం, అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి కొని తెచ్చాడు. లేత పచ్చ గాజు, అందులో ఒకచోట చిక్కటి ఆకుపచ్చ మబ్బులా పాకి ఉంది. చూడ్డానికి చాలా బాగుంది. బిల్లు మీద "నేచురల్ జేడైట్" అని ఉంది. అమ్మగారికి అది బిగుతుగా ఉండి తీయడం కష్టమైంది, సబ్బు రాసి తీశారు. తీస్తూ ఆవిడ, "బాబూ, నాకు వచ్చిన అనుమానం ఏంటంటే, ఇది మరీ శుభ్రంగా ఉంది" అన్నారు. ఆవిడకి రాళ్ళ గురించి ఏమీ తెలియదు. కానీ నేను ఆ మాటతోనే మొదలుపెట్టి ఉండాల్సింది.

తూచాను. పొడిగా 51.30, నీళ్ళలో 15.75. భాగిస్తే 3.26. జేడైట్ కంటే కొంచెం తక్కువ, కానీ మరో రాయి అనేంత తక్కువ కాదు. ఇలాంటి అంకె వస్తే రెండు మాటలు అనుకోవాలి. బుడగలు అంటుకున్నాయా? లేక రాయి లోపల రాయి కానిది ఏదైనా ఉందా? మూడుసార్లు తూచాను, అంకె మారలేదు. అయినా దీన్నిబట్టి తీర్పు చెప్పకూడదు. ఏ మార్పూ చేయని జేడైట్‌లో కూడా వేరే ఖనిజాలు కలిసి ఉంటే అంకె కాస్త అటూ ఇటూ పోతుంది. ఇంకోపక్క రెసిన్ నింపిన గాజుకి సరిగ్గా 3.33 వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

రాయి కానిది అన్నాను కదా, అది ఎలా లోపలికి వెళ్తుందో చెప్తాను. ఈ పద్ధతి 1980లలో మార్కెట్‌లోకి వచ్చింది. గోధుమరంగు మరకలున్న, మామూలుగా ఎవరూ కొనని జేడైట్‌ని పలకలుగానో గాజులుగానో కోసి ఘాటైన యాసిడ్‌లో వేస్తారు, చాలాసార్లు హైడ్రోక్లోరిక్ యాసిడ్. అందులో వారాల తరబడి నానితే మరకలు పోతాయి. కానీ మరకలతో పాటు పలుకుల్ని కలిపి ఉంచిన పట్టు కూడా సడలిపోతుంది. బయటికి తీసినప్పుడు అది సుద్దముక్కలా తెల్లగా, పాలలో ముంచిన రస్క్‌లా ముట్టుకుంటే విరిగిపోయేలా ఉంటుంది. దాన్ని కడిగి, యాసిడ్ ప్రభావం పోయేలా క్షారంలో ఉంచి, ఆరబెట్టి, గాలి లాగేసి, ఆ ఖాళీల్లోకి ఎపాక్సీ లాంటి రెసిన్ నింపి గట్టిపరుస్తారు. అంతే, మబ్బుగా ఉన్న రాయి కాంతి చొరబడే రాయైపోతుంది. దీన్నే వ్యాపారంలో టైప్ బి అంటారు. పైన మైనం తప్ప ఇంకేమీ చేయనిది టైప్ ఏ. రంగు వేసింది టైప్ సి. రెండూ చేసింది బి ప్లస్ సి. కొందరు "ఏ గ్రేడ్, బి గ్రేడ్" అంటారు, అది తప్పు. ఈ అక్షరాలు నాణ్యత గురించి కాదు, రాయికి ఏం చేశారన్న దాని గురించి. ముతక, వికారమైన టైప్ ఏ కూడా ఉంటుంది.

అమ్మగారి గాజు దగ్గరకి వద్దాం. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, లూప్ అంటాం, అది తీసుకున్నాను. లూప్‌తో చూసేవాళ్ళలో చాలామంది రాయి లోపలికి చూస్తారు. ముందు చూడాల్సింది రాయి పైభాగం. బల్ల మీది దీపాన్ని పక్కనుంచి పెట్టి, గాజుని మెల్లగా తిప్పుతూ, దీపం ప్రతిబింబం గాజు మీద తెల్లగా మెరిసే చోటు పట్టుకోండి. ఆ తెల్లటి మెరుపు లోపల ఉపరితలం ఎలా ఉందో చూడాలి. మార్పు చేయని జేడైట్‌లో అక్కడ కమలాపండు తొక్కలాంటి చిన్న ఎగుడుదిగుళ్ళు కనిపించవచ్చు. ఒక్కో పలుకు ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది గనక సాన పట్టినప్పుడు కొన్ని ఎక్కువ అరుగుతాయి, కొన్ని తక్కువ. అది సహజం, దాన్ని చూసి భయపడకండి. యాసిడ్ తిన్న రాయిలో మాత్రం సాలెగూడులాంటి సన్నటి గీతల వల కనిపిస్తుంది. పలుకు చుట్టూ కాలవ తవ్వినట్టుంటుంది. రెసిన్ రాయి కంటే మెత్తన గనక సానలో అది ఎక్కువ అరిగి ఆ కాలవలు మిగిలిపోతాయి. రెండింటికీ తేడా ఏమిటంటే, మొదటిదాంట్లో గుంటలు మెత్తగా కలిసిపోతాయి, రెండోదాంట్లో గీతలు పలుకుల్ని చుట్టి ఒకదానితో ఒకటి కలుస్తూ పోతాయి. నాకు ఆ గాజు లోపలి అంచున, సాన సరిగా పట్టని చోట, ఆ వల కనిపించింది. ఎప్పుడైనా ముందు లోపలి అంచే చూడండి. బయటవైపు అద్దంలా సాన పడతారు, లోపలవైపు అంత ఓపిక పట్టరు.

తర్వాత రంగు. గాజు వెనక దీపం పెట్టి ఆ ఆకుపచ్చ మబ్బుని లూప్‌లో చూశాను. పుట్టుకతో వచ్చిన ఇలాంటి చిక్కటి ఆకుపచ్చ ఎక్కువగా క్రోమియం వల్ల వస్తుంది. అది పలుకు లోపలే ఉంటుంది, అందుకే పలుకు మొత్తం పచ్చగా ఉండి, అంచుల దగ్గర మెల్లగా పలచబడుతుంది. వేసిన రంగు పలుకు లోపలికి దూరలేదు, సందుల్లోనే నిలుస్తుంది. అందుకే పలుకులు తెల్లగా, వాటి మధ్య పచ్చటి నరాల్లా కనిపిస్తాయి. ఎండిన తామరాకు మీది ఈనెలు గుర్తు తెచ్చుకోండి. ఆమె గాజులో ఆ చిక్కటి మచ్చ అంతా ఈనెలే. అంటే బి మాత్రమే కాదు, బి ప్లస్ సి.

లూప్‌తో తేలకపోతే చేతిలో పట్టే స్పెక్ట్రోస్కోప్ ఉంది. ఆకుపచ్చ చోటు గుండా దీపాన్ని చూస్తే ఇంద్రధనుస్సులా పట్టీ కనిపిస్తుంది. క్రోమియం రంగైతే ఎరుపు భాగంలో మెట్లలా మూడు సన్నటి నల్లగీతలుంటాయి, 630, 655, 690 నానోమీటర్ల దగ్గర. రంగు వేసిందైతే చాలాసార్లు 650 దగ్గర కాటుక పులిమినట్టు ఒకే వెడల్పాటి మసక పట్టీ ఉంటుంది. కొందరు చెల్సీ ఫిల్టర్ అనే రంగు అద్దం వాడతారు, దాంట్లోంచి చూస్తే రాయికి వేసిన కొన్ని రంగులు ఎర్రగా కనిపిస్తాయి. ఎర్రగా కనిపిస్తే రంగు వేశారని అనుమానించండి. కనిపించకపోతే దానివల్ల మీకు ఏమీ తెలియలేదు, అంతే. ఆ ఫిల్టర్‌కి దొరకని రంగులు బోలెడు. లావెండర్ జేడైట్‌కి వేసిన రంగుని లూప్‌తో పట్టడం ఇంకా కష్టం, అక్కడ నేను నోరు మూసుకుని ల్యాబ్‌కి పంపుతాను.

ఇప్పుడు నా తప్పు సంగతి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అల్ట్రావయొలెట్ టార్చి కొన్నాను. రెసిన్ నింపిన గాజుల్లో చాలావాటిని చీకట్లో దాని కింద పెడితే నీలం కలిసిన తెల్లటి మెరుపు వస్తుంది, సుద్ద పొగలా. ఒక షాపాయన గాజు తెచ్చాడు. టార్చి కింద పెట్టాను, మెరవలేదు. లూప్‌తో బయటవైపు చూశాను, వల కనిపించలేదు. "ఏమీ చేయలేదండీ, నిశ్చింతగా అమ్ముకోండి" అన్నాను. ఆయన అమ్మేశాడు. కొన్నాయన ల్యాబ్‌లో చూపించాడు. రెసిన్ అని కాగితం మీద వచ్చింది. షాపాయన డబ్బు వెనక్కిచ్చాడు, నాకు మాత్రం ఆరునెలలు మొహం చూపించలేదు. అన్ని రెసిన్లూ మెరవవని అప్పుడు తెలిసింది. మెరిసే రెసిన్ వల్ల దొరికిపోతుంటే, మెరవనిది వాడేవాళ్ళూ ఉంటారు కదా. ఇంకోపక్క సానపట్టాక పైన రాసే మైనం కూడా కొద్దిగా మెరుస్తుంది, దాన్ని చూసి టైప్ ఏ గాజుని అనుమానించిన సందర్భాలూ ఉన్నాయి.

అప్పట్నుంచి నా నియమం ఇది. లూప్‌లో వల కనిపిస్తే, ఈనెలు కనిపిస్తే, నేను ధైర్యంగా "చేశారు" అంటాను. కనిపించకపోతే "నాకు కనిపించలేదు" అంటాను. "చేయలేదు" అని మాత్రం అనను. ఆ మాట అనగలిగేది ల్యాబ్‌లో ఉండే ఎఫ్‌టీఐఆర్ యంత్రం. అది పరారుణ కాంతిని రాయి గుండా పంపి, ఏ పౌనఃపున్యం దగ్గర కాంతి మింగుడుపడిందో గీత గీస్తుంది. ఆ గీత కింది కొలబద్ద మీద 2800 నుంచి 3100 మధ్య సేంద్రియ పదార్థాలు తమ గుర్తు వదులుతాయి. మైనమైతే 2850, 2920 దగ్గర రెండు కోరలు. ఎపాక్సీ అయితే 2870, 2930, 2965ల దగ్గర కోరలు, వాటికి తోడు 3035, 3060 దగ్గర రెండు చిన్న కోరలు. ఆ చివరి రెండూ ముఖ్యం, మైనానికి అవి ఉండవు. రాయి పాడవదు, పని నిమిషాల్లో అయిపోతుంది. జైపూర్ లాంటి చోట్ల రంగురాళ్ళ ల్యాబుల్లో ఈ యంత్రం ఉంటుంది. ఆ అమ్మగారి గాజుని కూడా అక్కడికే పంపాం. ఎపాక్సీ అనీ, రంగు వేశారనీ వచ్చింది.

ఇంటి చిట్కాలు మీరు అడగకముందే చెప్పేస్తాను. రాయికి దారం చుట్టి అగ్గిపుల్ల పెడితే, దారం కాలకపోతే అసలైన జేడ్ అంటారు. దారం బిగుతుగా చుడితే వేడిని రాయి లాగేసుకుంటుంది, అందుకే వెంటనే కాలదు. క్వార్ట్జ్‌కి చుట్టినా అంతే. దీనివల్ల తేలేదేమీ లేదు, రెసిన్ ఉన్న గాజైతే మాడి మచ్చపడుతుంది. శబ్దం పరీక్షలో మాత్రం కొంత నిజం ఉంది. గాజుని దారంతో వేలాడదీసి నాణెంతో మెల్లగా తడితే మంచి జేడైట్ గుడిగంటలా సాగదీసి మోగుతుంది, రెసిన్ నింపింది చెక్కని తట్టినట్టు డొక్కుగా మోగుతుంది. కానీ బీట ఉన్న టైప్ ఏ కూడా డొక్కుగానే మోగుతుంది, ముతక పలుకులున్నదీ అంతే. తడుతున్నప్పుడు కింద దిండు పెట్టుకోండి.

బిల్లు మాటకి వస్తే, "నేచురల్ జేడైట్" అన్నది అబద్ధం కాదు. రాయి నిజంగా భూమిలోంచి వచ్చిందే. అందులో నింపింది మాత్రం కాదు. ఆ మాట అమ్మేవాడిని కాపాడుతుంది, కొనేవాడిని కాపాడదు. బిల్లు మీద "రెసిన్ నింపలేదు, రంగు వేయలేదు" అనో "టైప్ ఏ" అనో రాయించుకోండి. నోటితో చెప్పినవాడు రాయడానికి వెనకాడితే మీకు కావలసిన జవాబు వచ్చేసినట్టే.

ప్రశ్నలుంటే అడగండి. మైకు అటు ఇవ్వండి బాబూ.

"నెఫ్రైట్‌లో రెసిన్ నింపరాండీ?"

అరుదు. పీచు కంబళిలా బిగిసి ఉందని చెప్పాను కదా, యాసిడ్ దిగడానికి ఆ సందులుండవు. నెఫ్రైట్‌లో జరిగే మోసం వేరే. ఖోటాన్ నది గులకరాళ్ళకి బయట పలచటి గోధుమరంగు తోలు ఉంటుంది. ఆ తోలుంటే నదిలో దొరికిందని ధర పెరుగుతుంది. కొండలో తవ్విన ముక్కని గుండ్రంగా దొర్లించి, తోలు రంగు వేస్తారు. లూప్‌లో చూస్తే రంగు గుంటల్లోనూ పగుళ్ళలోనూ మాత్రమే పేరుకుని ఉంటుంది. నదిలో వేల ఏళ్ళు నానినదైతే రంగు లోపలికి మెల్లగా పలచబడుతూ దిగుతుంది.

"సార్, ఆ సింగపూర్ గాజు ఏమైందండీ? డబ్బు తిరిగిచ్చారా?"

అబ్బాయి షాపుకి కాగితం పంపాడు. వాళ్ళు సగం ఇచ్చారు. అమ్మగారు మాత్రం ఆ గాజు వేసుకోవడం మానలేదు. "నా కొడుకు తెచ్చాడు, ఏ రకమైతే నాకేం" అన్నారు. నేను ఒకటే చెప్పాను, వంటింట్లో వేడి నీళ్ళలోనూ ఘాటు సబ్బుల్లోనూ పెట్టకండమ్మా, నగల షాపులో అల్ట్రాసోనిక్ మెషిన్‌లో వేయనివ్వకండి, రెసిన్ ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడి మసకేస్తుంది అని. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి బట్ట చాలు. టైప్ ఏకీ అంతే, అందులో మైనం ఉంటుంది కదా.

"మా అత్తగారిది ఒకటి తెచ్చానండీ, చూస్తారా?"

తేవమ్మా. ఇదిగో, ఇలా ఇవ్వు. ఎవరైనా ఈ గ్లాసులో నీళ్ళు మార్చండి, సబ్బు నురుగు వచ్చేసింది. పొడిగా ఎంత? 38.20. రాసుకోండి... ఇప్పుడు దారం.